కుట్టు తప్పిన మూడు రోజులు

నా కోపం సంగతి బాంబూఫ్లాట్ జెట్టీ దగ్గర అందరికీ తెలుసు. కొలత తప్పిందన్న మనిషి మీద కత్తెర విసిరాను. జాకెట్టు బిగుతైందన్న ఆవిడ కళ్ళముందే దాన్ని రెండుగా చించి ఆవిడ చేతిలో పెట్టాను. అయినా నా దగ్గరికే వచ్చేవారు. చాతం ఫెర్రీ ఎక్కి అవతల పోర్ట్ బ్లెయిర్ పోకుండా బట్ట కుట్టించుకోవాలంటే అప్పట్లో ఈ ఒడ్డున నేను తప్ప ఇంకొకడు లేడు. దాంతో నా కోపానికి అడ్డనేది లేకుండా పోయింది.

ఇంట్లో ఆ కోపాన్ని భరించింది నా భార్య. కొట్టేవాణ్ణి. దీన్ని మెత్తగా చెప్పడానికి ఇంకో మాట వెతకను. ఆమెది సోంపేట వైపు నుంచి వచ్చి ఇక్కడ వల వేసుకుని బతికే కుటుంబం. పెళ్ళయ్యాక నా దగ్గరే పని నేర్చుకుంది. కాజాలు, గుండీలు, అంచులు మడిచి కుట్టడం, చేతిపనంతా ఆమెదే. ఆమె కాజా చూసి పోర్ట్ బ్లెయిర్ దర్జీలు కూడా ఇదెవరి చెయ్యి అని అడిగేవారు. ఆ పొగడ్త నాకు గిట్టేది కాదు. నేను టీకి వెళ్ళినప్పుడు ఆమె మిషను మీద కూర్చునేది. అది అసలు గిట్టేది కాదు.

ఆ ఏడు వానలు మొదలవుతూనే బడిపిల్లల ఖాకీ నిక్కర్ల పని వచ్చిపడింది. బళ్ళు తెరిచేలోగా ఇవ్వాలి. ఒక మధ్యాహ్నం నేను టీ తాగి వచ్చేసరికి ఆమె ఎవరిదో వాయిలు జాకెట్టు కుట్టి లేస్తోంది. పల్చటి బట్ట కాబట్టి పద్నాలుగో నంబరు సన్నసూది పెట్టుకుంది. మందపు ఖాకీ డ్రిల్లుకి పద్దెనిమిది ఉండాలి.

"సూది మార్సీసి ఇత్తాను మావా, ఒక్క నిమసం," అంది.

ఆగితే నేను నేనెందుకవుతాను. కూర్చున్నాను. దారం తెగి వేలాడుతుంటే మళ్ళీ ఎక్కించాను. గుడ్డను తొక్కిపట్టే పాదాన్ని పైకెత్తి ఎక్కించాలి, అప్పుడే దారానికి బిగువిచ్చే పళ్ళాలు తెరుచుకుని దారం వాటి మధ్యకి దిగుతుంది. పాదం దించి ఉండగానే లాగేశాను. దారం పళ్ళాల మీదే తేలిపోయింది. రెండు మడతల డ్రిల్లులో ఆ సన్నసూది వంగుతోంది, కింద బాబిన్‌ని పట్టుకుని ఆడే షటిల్‌కి పైదారం అందడం లేదు. నాలుగు కుట్లు పడ్డాయి, రెండు తప్పాయి. బట్ట కింద దారం గుప్పెడంత ముద్దయి మిషను బిగుసుకుపోయింది.

రెండు తప్పులూ నావే. నేను మాత్రం, "బాబిన్ బిగువు తిప్పావు కదూ," అని ఆమె చెంప మీద ఒకటిచ్చాను.

"నాను ముట్టుకోనేదు," అంది. చెంప తడుముకోలేదు. అలవాటైపోయింది. వంగి, పాదం కింద ఇరుక్కున్న దారాన్ని లాగడానికి కుడి చూపుడువేలు పెట్టింది. నేను మిషను చక్రాన్ని అరచేత్తో బలంకొద్దీ కొట్టాను.

మిషను మీద కోపంతో కొట్టానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. ఆమె వేలు అక్కడుందని నా కళ్ళకి తెలుసు. సూది గోరులోంచి దిగి, వేలు దాటి, కింద ఇనుప పలకకి తగిలి విరిగింది. ఆమె అరవలేదు, చక్రాన్ని ఎడమచేత్తో పట్టుకుని ఆపింది. నేను సూది మర విప్పి, పట్టకారుతో ముక్కని వేల్లోంచి లాగాను. రక్తం ఖాకీ మీద పడింది. దాని మీద కూడా తిట్టాను.

లాగిన ముక్కకి మొన లేదు. బియ్యపు గింజంత ముక్క తక్కువ. పలక మీద చూశాను, నేల మీద చూశాను, బట్ట దులిపాను. లేదు. అయితే వేల్లోనే ఉండిపోయిందనుకున్నాను. పక్కింటివాళ్ళూ అదే అన్నారు. ఒంట్లో ఉండిపోయిన సూది రక్తంతో పాటు నడిచి గుండెకి చేరుతుందన్నారు. హార్బరులో అలలు లేచి ఆ పూటే ఫెర్రీ ఆపేశారు. ఆసుపత్రి అవతలి ఒడ్డున ఉంది.

ఆమె వేలికి పసుపు కట్టుకుని దుకాణం వెనక గదిలో మూల కూర్చుంది. నేను పద్దెనిమిదో నంబరు సూది పెట్టి నిక్కర్లు మొదలుపెట్టాను.

మిషను దారికి రాలేదు. ఈసారి పాదం ఎత్తే దారం ఎక్కించాను. పళ్ళాల మధ్య నుంచి, స్ప్రింగు కొక్కెం నుంచి, పైకీ కిందికీ ఆడే మీట కంట్లోంచి, కిందికి, సూదికి పొడవు గాడి ఉన్న వైపు నుంచి. అంతా సరే. నాలుగు అంగుళాలు కుడుతుంది, కుట్టు తప్పుతుంది. ఇంకో నాలుగు అంగుళాలు, కింద దారం పట్టేసి ముద్ద కడుతుంది. బాబిన్ కేసు తీసి దారం పట్టుకుని వేలాడదీశాను. చెయ్యి విదిలిస్తే కొంచెం జారి ఆగాలి, అలాగే ఆగింది. బిగువు బాగానే ఉంది. అయినా స్క్రూ తిప్పాను. పావుచుట్టు బిగించాను, అరచుట్టు వదిలాను. సూది మార్చాను, ఇంకోటి మార్చాను. తొక్కుతుంటే లోపల ఎక్కడో టిక్కు టిక్కుమంటోంది. ఆ చప్పుడు విన్నాను. వినబడకుండా గట్టిగా తొక్కాను.

రెండోరోజు మిషను బల్లని తన్నాను. కాలి గోరు లేచింది. కత్తెర గోడకి కొట్టాను. కుట్టు తప్పిన నిక్కరు తప్పినట్టే పక్కన పడేస్తూ పోయాను. చివరికి వెనక గదిలో ఉన్న ఆమె దగ్గరికి వెళ్ళి, "బాబిన్ బిగువు ఎందుకు తిప్పావో చెప్పు," అని జుట్టు పట్టుకున్నాను. ఆమె ముఖానికి అడ్డంగా చెయ్యెత్తింది. నా దెబ్బ ఆ వాచిన వేలు మీదే పడింది. అప్పుడరిచింది. ఆ అరుపు మా వరస ఇళ్ళు దాటి పోయిందని తర్వాత తెలిసింది.

మూడోరోజు పొద్దున్న ఆమె అన్న వచ్చాడు. చేతిలో పడవ తెడ్డు. మొదటి దెబ్బ భుజం మీద, రెండోది వీపు మీద, మూడోది పక్కటెముకల మీద పడింది. నేను మిషను బల్ల పట్టుకుని జారి కింద కూర్చున్నాను.

"నువ్వు సచ్చిపోతే నాకు జైలు బావా, అందుకని ఒగ్గేత్తన్నాను," అన్నాడు. వెనక గదిలోకి వెళ్ళి చెల్లెల్ని లేపాడు. వేలు నల్లబడి అరటికాయలా ఉంది. "ఫెర్రీ బంద్, దవాఖానా లేదు. తాత కాడికి తీసుకుపోతన్నాను. ముక్క గుండెకాడికి పోకముందే కోసి తీసేత్తాడు."

తాతంటే జాలరి వరసలో ఒక ముసలాయన. గాలం చేతికి దిగిపోతే మొన అవతలికి పొడిచి తీసేవాడు, లేదా బ్లేడుతో కోసి తీసేవాడు. అక్కడి జాలర్ల చేతుల మీద ఆయన పెట్టిన గాట్లు చాలా ఉన్నాయి. గాలం పెద్దది, కంటికి కనిపిస్తుంది. గింజంత మొన కోసం వెతకాలంటే వేలంతా తెరవాలి.

వాళ్ళు వెళ్ళాక నేను లేచి స్టూలు మీద కూర్చున్నాను. కుడి భుజం లేవడం లేదు. కొట్టడానికి ఒంట్లో సత్తువ లేక, ఎడమచేత్తో చక్రాన్ని మెల్లగా తిప్పాను. మూడు రోజుల్లో మొదటిసారి అంత మెల్లగా తిప్పాను. చక్రం ఒకచోట వెంట్రుకవాసి ఆగి కదిలింది. అక్కడే టిక్కుమంది.

మిషను వెనక్కి వాల్చాను. బాబిన్ కేసు తీశాను, పట్టీలు పక్కకి తిప్పి, రింగు ఊడదీసి, షటిల్ బయటికి లాగాను. షటిల్ ఆడే గాడిలో కొబ్బరినూనె పసుపు జిగురై పేరుకుని ఉంది. ఓడలో మిషను నూనె రాకపోతే కొబ్బరినూనె పోసేది నేనే. ఆ జిగురులో సూదిమొన అంటుకుని ఉంది.

సూది విరిగితే ముక్కలన్నీ దొరికేదాకా చక్రం తిప్పకూడదు. నాకు పని నేర్పినాయన మొదటి వారంలోనే చెప్పాడు. మొన పలక రంధ్రంలోంచి లోపలికి పడిందని చక్రం తిప్పిన ప్రతిసారీ మిషను చెబుతూనే ఉంది.

మొనని అరచేతిలో పెట్టుకుని పరిగెత్తాను. పరుగంటే పరుగు కాదు, పక్కటెముకలు పట్టుకుని బురదలో పడుతూ లేస్తూ పోయాను. "ఆపండి, కోయకండి," అని అరుస్తున్నాననుకున్నాను. వానలో నాకే వినబడలేదు.

తాత అరుగు మీద నలుగురు ఆమెని పట్టుకుని ఉన్నారు. ఆమె నోట్లో గుడ్డ కుక్కారు. వేలు గోరు దగ్గర్నుంచి రెండో కణుపు దాకా తెరిచి ఉంది. తాత బ్లేడు మొనతో లోపల వెతుకుతున్నాడు. తెల్లటి నరం ఒకటి తెగి ముడుచుకుని ఉండటం నాకు కనిపించింది.

నేను చెయ్యి చాపి చూపించాను. తాత చూశాడు, వాళ్ళన్న చూశాడు.

"ఎక్కడ?" అన్నాడు తాత.

"షటిల్‌లో."

తాత బ్లేడు నీళ్ళ ముంతలో పడేశాడు. "బస్. ఇడిసిపెట్టండి," అన్నాడు పట్టుకున్నవాళ్ళతో. వాళ్ళన్న నా మీదికి రాలేదు. గోడవైపు తిరిగి నిలబడ్డాడు. వస్తే బాగుండుననుకున్నాను.

ఆమె నోట్లోంచి గుడ్డ తనే తీసుకుంది. తర్వాత నా చేతిలో మొనని చూసి, పని గురించి అడిగినట్టే అడిగింది.

"కుట్టు ఎప్పుట్నుంచి తప్పుతన్నాది?"

మొదటిరోజే, నీ వేలికి పసుపు కట్టగానే, అని చెప్పాలి. "ఈ పొద్దున్నుంచే," అన్నాను.

ఆమె తలూపింది. నాలుగో రోజు ఫెర్రీ తిరిగింది, ఆసుపత్రిలో వేలు కుట్టారు. గాయం మానింది. వేలు మాత్రం మళ్ళీ వంగలేదు. కాజా కుట్టాలంటే ఆ వేలు వంగాలి.

వారం తర్వాత ఇంటికి వచ్చింది. దుకాణంలో మిషను పక్కన నేను మూడు రోజులూ పడేసిన నిక్కర్లు కుప్పగా ఉన్నాయి. విప్పి మళ్ళీ కుట్టాలి. నేను తీసి దాచాలనుకున్నాను, ఎందుకో దాచలేదు. ఆమె గడప దగ్గర కూర్చుని ఒక్కొక్కటీ ఒళ్ళో వేసుకుని ఎడమచేత్తో కుట్లు విప్పడం మొదలుపెట్టింది. పైన పడేసినవాటి నుంచి కిందికి దిగింది. అన్నిటికీ కుట్టు తప్పే ఉంది. అడుగున మిగిలినదాన్ని తీసింది. నడుంపట్టీ దగ్గర ఆమె రక్తం ఎండి నల్లగా ఉంది. దాని పక్కనే, ఆమె వేలికి సూది దిగిన ఆ మొదటిరోజు సాయంత్రం నేను వేసిన కుట్లు. నాలుగు అంగుళాలు కుట్టి, తప్పి, నాలుగు అంగుళాలు కుట్టి, తప్పి.

మరకనీ ఆ కుట్లనీ మార్చి మార్చి చూసింది. నేను మిషను దగ్గర తల వంచుకుని ఉన్నాను. తెడ్డు దెబ్బల నొప్పి అప్పటికి తగ్గింది.

ఆమె ఆ కుట్లు కూడా విప్పింది. నిక్కరు మడిచి, లేచి, నా ముందు మిషను మీద పెట్టింది. ఆ తర్వాత మేం నలభై ఏళ్ళు కలిసి బతికాం. నేను చెప్పిన ఏ మాటనీ ఆమె మళ్ళీ నమ్మలేదు.