వెండి నక్కకి ఇంకా ఎన్ని?

నా ఉద్యోగం ఏమిటని బంధువులెవరైనా అడిగితే "కంప్యూటర్ల పని" అని తప్పించుకుంటాను. నిజం చెప్పానంటే ఇంకో గంట అక్కడే కూర్చోవాల్సి వస్తుంది. ఫోన్లో ఆడే ఒక ఆటకి అదృష్టాన్ని రాసేది నేను. నా సొంత అదృష్టం ఎలాంటిదంటే, సూపర్ మార్కెట్లో నేను నిలబడ్డ క్యూలోనే బిల్లు మిషన్ చెడిపోతుంది. మా ఆయన నన్ను ఒక క్యూలో నిలబెట్టి, తను పక్క క్యూలో నిలబడతాడు.

ఆట చిన్నదే. ఆడేవాళ్ళు రత్నాలు పోగు చేసుకుని గుడ్లు పగలగొడతారు. గుడ్డులోంచి ఏదో ఒక జంతువు వచ్చి వాళ్ళ తోటలో చేరుతుంది. మామూలుగా కుందేళ్ళు, బాతులు వస్తాయి. వారానికొకటి చొప్పున అరుదైనది పెడతాం. నూటికి రెండు గుడ్లలో మాత్రమే ఉంటుందది. అంత తక్కువైతే పాపం కొందరికి ఎప్పటికీ రాదు కదా, అందుకని ఒక హామీ ఉంది. వరసగా యాభై తొమ్మిది గుడ్లలో రాకపోతే అరవయ్యో గుడ్డులో వచ్చి తీరాలి. దాన్ని ఆఫీసులో పిటీ కౌంటర్ అంటారు, నేను జాలి లెక్క అంటాను. తెర కింద "ఇంకా ఇన్ని" అని ఒక అంకె కనబడుతూ ఉంటుంది. వారం మారినా ఆ అంకె మారదు, అరుదైనది వచ్చాకే మళ్ళీ మొదలవుతుంది. ఆ అంకె నాది. నేను రాసిందే.

మా అత్తగారు ఈ ఆట ఆడతారు. నా మీద ప్రేమతో మొదలుపెట్టారనుకుని మొదట్లో మురిసిపోయాను. తర్వాత తెలిసింది, అది వాళ్ళ చెల్లెలి కోసమని. చిన్నత్తయ్య వేరే ఊళ్ళో ఉంటారు. ఇద్దరూ ఒకే వీధిలో ఉన్నంతకాలం సాయంత్రమైతే కలిసి నడిచేవారు. ఇప్పుడు చిన్నత్తయ్య తుంటి ఎముక విరిగి ఆసుపత్రిలో మంచం మీద ఉన్నారు, లేచి నడవడానికి నెలలు పడుతుందట. అందుకని అక్కాచెల్లెళ్ళిద్దరూ రోజూ సాయంత్రం ఆటలోని తోటలో కలుసుకుని నడుస్తారు. ఈ వారం వెండి నక్క వచ్చింది. రెండు తోటల్లోనూ వెండి నక్క ఉంటే మంచు వంతెన తెరుచుకుంటుంది, ఇద్దరూ కలిసి కొండ మీదికి వెళ్ళొచ్చు. చిన్నత్తయ్యకి మూడో గుడ్డుకే నక్క వచ్చేసింది. మా అత్తగారికి రాలేదు. ఆదివారం సాయంత్రంతో వారం అయిపోతుంది.

"మీ లెక్క నత్త నడక నడుస్తోందమ్మాయ్," అన్నారు శుక్రవారం పొద్దున్న. "ఎన్ని పగలగొట్టినా ఇంకా ఇరవై అంటోంది."

ఇలాంటి అవకాశం దొరికితే నేను వదలను. టిఫిన్ ప్లేటు పక్కన పెట్టి, సంభావ్యత అంటే ఏమిటో మొదలుపెట్టాను. ముందు గుడ్లలో రాలేదని తర్వాతి గుడ్డుకి జాలి పుట్టదనీ, ప్రతిదానికీ నూటికి రెండే అవకాశమనీ, అరవయ్యోది మాత్రమే హామీ అనీ, లేని వరసని మనిషి మనసు ఊహించుకుంటుందనీ చెప్పాను. మా ఆయన చెప్పులు వేసుకుని మెల్లగా జారుకున్నాడు. అత్తగారు చివరిదాకా విని, "అయితే లెక్క సరిగ్గానే ఉందంటావు," అన్నారు.

"నేను రాశాను అత్తయ్యా," అన్నాను. ఇంతకంటే రుజువు ఏం కావాలన్నట్టు.

ఆఫీసుకెళ్ళాక ఆ రుజువు కూడా తీసి ఇద్దామనిపించింది. ఆవిడ ఖాతా నేను తెరవకూడదు, ఇంటివాళ్ళ ఖాతాలు ముట్టుకోకూడదన్నది మా నియమం. ఒక పరీక్ష ఖాతా తీసుకున్నాను. ఒకే పళ్ళెంలో పది గుడ్లు కలిపి పగలగొట్టే వీలుంది ఆటలో, అత్తగారు ఎప్పుడూ అలాగే చేస్తారు. కిందటిసారి ఆవిడకి అరుదైన నల్లహంస వచ్చింది కూడా పళ్ళెంలోనే. గుడ్లు ఒకటొకటిగా పగులుతాయి కాబట్టి రెండోదానికే ఇల్లు ఎగిరిపోయేలా అరిచారు. నేనూ అలాగే, రెండో గుడ్డులో అరుదైనది వచ్చేలా పెట్టి పళ్ళెం పగలగొట్టాను. ఆ తర్వాత ఎనిమిది గుడ్లు పగిలాయి కాబట్టి తెర మీద "ఇంకా యాభై రెండు" అని రావాలి.

"ఇంకా అరవై" అని వచ్చింది.

కోడ్ తెరిచి చూస్తే అక్కడే ఉంది నా ఘనకార్యం. ఒక్కో గుడ్డుకీ లెక్క మార్చాల్సింది పోయి, పదీ అయ్యాక ఒకేసారి మార్చాను. పళ్ళెంలో అరుదైనది ఎక్కడ వచ్చినా సరే, చివర్లో లెక్కని మళ్ళీ మొదటికి తెచ్చేశాను. తర్వాత పగిలిన గుడ్లు గాల్లో కలిసిపోయాయి. మరి పరీక్షలో ఎందుకు దొరకలేదంటే, పరీక్షలు రాసిందీ నేనే కాబట్టి. హామీ పనిచేస్తుందో లేదో చూడాలని అదృష్టాన్ని పూర్తిగా ఆపేసి ఆరు పళ్ళేలు పగలగొట్టాను. అరవయ్యోది ఆరో పళ్ళెంలో చిట్టచివరి గుడ్డు. దాని తర్వాత పోవడానికి ఇంకేం మిగిలి ఉంటుంది? పరీక్షలన్నీ పాసైనట్టు తెర మీద పచ్చగా కనబడ్డాయి. ఆ రోజు స్వీట్లు కూడా పంచాను.

అప్పుడు నా బుర్ర నన్ను అడగకుండానే అత్తగారి లెక్క వేసేసింది. హంస రెండోది, తర్వాతి ఎనిమిది పోయాయి. తెర మీద ఇంకా ఇరవై ఉందంటే నిజానికి పన్నెండే.

మేనేజర్ దగ్గరికి వెళ్ళి విషయమంతా చెప్పాను. ముందే చెబుతున్నాను, మా అత్తగారు ఈ ఆట ఆడతారు అని కూడా చెప్పాను.

"వారం అయిపోనీ, సోమవారం సరిచేద్దాం," అన్నాడాయన.

"సోమవారానికి నక్క ఉండదు సార్. హామీ ఇచ్చి, పగిలిన గుడ్లని తక్కువ లెక్కపెట్టింది మనం. అంకె చూసి ఇక రాదులే అని ఆగిపోయినవాళ్ళకి సోమవారం ఏం చెబుతాం?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇది అందరి కోసమా, అత్తగారి కోసమా?"

"నాకే తెలియడం లేదు సార్," అన్నాను. నిజంగానే తెలియలేదు. దానికి సిగ్గేసింది కూడా.

చివరికి ఆయనే తేల్చాడు. తప్పు దిద్దే కోడ్ నేను రాయాలి. దాన్ని పరీక్షించేదీ, నడిపేదీ మా టెస్టర్. అతన్ని మేం శంక అంటాం, తన పుట్టినరోజు కూడా సర్టిఫికెట్ చూసి గాని ఒప్పుకోడు. శనివారం మధ్యాహ్నం గంటసేపు గుడ్లు ఆపేసి అందరి లెక్కా సరిచేస్తాం, అందరికీ ప్రకటన ఇస్తాం, వారాన్ని ఇంకో రోజు పొడిగిస్తాం. "ప్రకటన వచ్చేదాకా ఇంట్లో ఒక్క ముక్క కూడా అనకూడదు. మిగతావాళ్ళకి తెలియనిది మీ ఇంట్లో తెలియకూడదు," అన్నాడు.

పని మొదలైంది. ప్రతి గుడ్డులో ఏం వచ్చిందో వరసగా దాచి ఉంచుతాం కాబట్టి, ఒక్కొక్కరికీ చివరి అరుదైనది ఎక్కడ వచ్చిందో చూసి, తర్వాతి గుడ్లు లెక్కపెడితే అసలు అంకె దొరుకుతుంది. మా తప్పు వల్ల హామీ ఆలస్యమైనవాళ్ళకి ఎక్కువ ఖర్చయిన రత్నాలు తిరిగి ఇవ్వాలి. ఇకమీదట పళ్ళెం పగిలినప్పుడు రత్నాలు తగ్గడం, జంతువులు చేరడం, లెక్క మారడం మూడూ కలిసి ఒకేసారి భద్రమవ్వాలి, మధ్యలో ఏది ఆగినా మూడూ వెనక్కి పోవాలి. శంక ప్రతి పళ్ళెంలో అరుదైనదాన్ని ఒకటో స్థానంలో, రెండో స్థానంలో, మూడో స్థానంలో, అలా పదో స్థానం దాకా పెట్టి చూశాడు. పళ్ళెం సగంలో కావాలని సర్వర్ని ఆపేసి చూశాడు. "ఈ పని అప్పుడే చేసి ఉంటే," అని నా వైపు చూశాడు. నేను స్క్రీన్ వైపు చూశాను.

శనివారం పొద్దున్న ఆఫీసులో ఉండగా అత్తగారు ఫోన్ చేశారు.

"అమ్మాయ్, ఇక ఆ నక్క రాదులే. నా దగ్గర పన్నెండు గుడ్లకే రత్నాలున్నాయి, అదేమో ఇరవై అడుగుతోంది. పోనీ ఈ రత్నాలతో చెల్లి తోటకి పూలకుండీల వరస కొనేస్తే? మంచం మీద నుంచి చూసుకుంటుంది పాపం. ఏమంటావు?"

పన్నెండు! ఎదురుగా శంక కూర్చుని ఉన్నాడు. నాలుక కొరుక్కున్నాను, నిజంగానే, నొప్పి పుట్టేలా. కొనకండి అంటే చెప్పేసినట్టే. కొనండి అంటే ఆవిడ గొంతు కోసినట్టే. మంచు వంతెన, కొండ, అక్కాచెల్లెళ్ళు నడవడం అంతా కళ్ళ ముందు తిరిగింది. కన్నీళ్ళొచ్చాయి.

"ఏమో అత్తయ్యా," అన్నాను. "మీ ఇష్టం."

ఫోన్ పెట్టేశాక నన్ను నేను ఎంత మెచ్చుకున్నానో చెప్పలేను. ఎంత నిగ్రహం! ఎంత నిజాయితీ! మధ్యాహ్నం గంటసేపు గుడ్లు ఆగాయి, లెక్కలన్నీ మారాయి, ప్రకటన వెళ్ళింది. నేను మాత్రం పూలకుండీల గురించి ఏడుస్తూ కూర్చున్నాను.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి అత్తగారు సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. ఫోన్ స్పీకర్లో చిన్నత్తయ్య గొంతు వినబడుతోంది. "అక్కా, మెల్లగా, నా నక్క వెనకబడింది." తెర మీద రెండు వెండి నక్కలు మంచు వంతెన దాటుతున్నాయి.

"పన్నెండోదానికి వచ్చింది," అన్నారు అత్తగారు తల తిప్పకుండా. "ముందు పళ్ళెం పగలగొట్టాను, ఏం లేదు. తర్వాత రెండు విడిగా పగలగొట్టాను."

ఆనందం పట్టలేకపోయాను. పక్కన కూలబడి ఆవిడ భుజం పట్టుకున్నాను. కాసేపటికి గాని అనుమానం రాలేదు.

"అత్తయ్యా, మరి కుండీలు కొనలేదేం?"

"ఎలా కొంటాను? నువ్వు 'ఏమో' అన్నావు కదా."

"అంటే?"

"పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నాను. ఉప్పెంత వేయాలని అడిగినా నీ నోటి నుంచి ఏమో అన్న మాట రాలేదు. అలాంటిది గుడ్ల గురించి అడిగితే లెక్చర్ ఇవ్వకుండా ఏమో అన్నావంటే, ఏదో జరుగుతోందని అర్థమైంది. ఆగాను. చెల్లినీ ఆగమన్నాను. దాని పక్క మంచం ఆవిణ్ణి కూడా."

సోమవారం పొద్దున్నే మేనేజర్ ముందు నిలబడి సమాచారం బయటికి పొక్కిందని చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది. "ఏం చెప్పావు?"

"ఏమో అన్నాను సార్."

"నిన్నే అడుగుతున్నాను, ఏం చెప్పావు?"

"అదే సార్. 'ఏమో' అన్నాను."

మొత్తం వివరించేసరికి శంక బల్ల మీద తల వాల్చేశాడు, భుజాలు కదులుతున్నాయి. తర్వాత అతనే అత్తగారి ఖాతా పరీక్షించి, ఆ నక్క ఆవిడకి న్యాయంగా రావాల్సిందేనని, అసలు అంకెకి సరిగ్గా వచ్చిందని రాసిచ్చాడు. మేనేజర్ నక్కని ఉండనిచ్చాడు. నాకు మాత్రం రాతపూర్వకంగా ఒక సూచన పంపాడు: ఆఫీసులో ఏం జరుగుతున్నా సరే, ఇంట్లో ఎప్పటిలాగే వాగుతూ ఉండాలి.

ఆ రాత్రి భోజనాల దగ్గర అత్తగారు, "వచ్చే వారం ఏ జంతువు పెడుతున్నారు, రత్నాలు దాచుకోనా?" అని అడిగారు. ఆదేశం ప్రకారం సంభావ్యత మొదలుపెట్టాను. మా ఆయన ప్లేటు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాడు. అత్తగారు మాత్రం కదల్లేదు. పెళ్ళయ్యాక మొదటిసారి నా లెక్చర్ కళ్ళార్పకుండా విన్నారు, నేను ఎక్కడ తడబడతానా అని.