అరబ్బీలో ఒక సంతాపం కార్డు

టోలిచౌకి నుంచి రోజూ వచ్చి కృష్ణానగర్‌లో ఒక జిరాక్స్ షాపు ముందు బల్ల వేసుకుని కూర్చునేవాణ్ణి. గల్ఫ్‌కు పోయేవాళ్ల కాగితాలు అరబ్బీలోకి మార్చడం నా పని. అక్కడి యజమానులకు పంపే కార్డులు కూడా తెచ్చేవారు. ఉన్నదున్నట్టు మార్చమంటే నాకు ఒళ్లు మండేది. అరబ్బుల ఆనవాయితీ మాటలే వేసేవాణ్ణి: పండగైతే ‘కుల్లు ఆమ్ వ అంతుమ్ బిఖైర్’, కొత్త జంటకైతే ‘బారకల్లాహు లకుమా’. ఎక్కడ ఏది పడాలో నాకు తెలుసని మహా గర్వం.

తొంభైల మొదట్లో ఒక మధ్యాహ్నం, మొహాన మేకప్ పూర్తిగా తుడుచుకోకుండానే ఒక జూనియర్ ఆర్టిస్టు వచ్చింది. ఆమె భర్త సౌదీలో డ్రైవరు. అతని బండి కింద పడి ఆరేళ్ల పిల్లాడు చనిపోయాడు. పరిహారం కట్టే తాహతు లేదు. పిల్లాడి తండ్రి మాఫ్ చేస్తేనే జైలు నుంచి బయటపడేది. ఆమె ఆ ఇంటికి తెలుగులో ఒక సంతాపం కార్డు పంపింది. పోస్టులో పోతే రుజువుండాలని సెట్లో స్టిల్ ఫోటోగ్రాఫరు చేత ముందే దానికి ఫోటో తీయించింది. కార్డు చేరింది గాని చదవగలిగినవాళ్లు లేరని భర్త స్నేహితుడు ఉత్తరం రాశాడు. ఇప్పుడు ఆ ఫోటో నా బల్ల మీద పెట్టింది.

‘మీ బాబు ఆత్మకు శాంతి కలగాలి. మా ఆయన్ని క్షమించండి.’ అంతే ఉంది.

“గిట్ల రాస్తే వాళ్లకు ఎక్కదమ్మా,” అన్నాను.

పెద్దవాళ్లు పోతే, దేవుడు మీకు గొప్ప ప్రతిఫలమిచ్చుగాక, మంచి ఓదార్పునిచ్చుగాక, పోయినవారిని క్షమించుగాక అంటారు. పసివాడికి పాపమే ఉండదు గనక ఆ చివరి మాట వదిలేశాను. దాని బదులు, వాణ్ణి దేవుడి దగ్గర మీ తరఫున అడిగేవాడిగా చేయుగాక అని రాశాను. కింద ఫలానా డ్రైవరు భార్య అని పెట్టాను.

“మా ఆయన్ని క్షమించమన్నది రాశారా, బాబాయి గారూ?”

“ఓదార్చే కార్డుల సొంత పని అడుగుతరా? మర్యాద గాదు. జవాబు రానీ, ఎన్క వేరే ఉత్తరం రాద్దాం.”

ఆమె నా చదువును నమ్మింది.

నెలన్నరకు జవాబొచ్చింది. ఆమె కవరు పట్టుకుని పరుగున వచ్చింది. లోపల ముచ్చటైన దస్తూరీతో ఒకే మాట, ‘షకరల్లాహు సఅయకుమ్’.

“మాఫ్ చేశారా అండీ?”

“మీ శ్రమను దేవుడు మెచ్చుగాక అని రాసిండు.”

“అంటే మంచిదే కదండీ?”

సంతాపం తెలిపిన ప్రతివాళ్లకూ అక్కడ అదే చెబుతారని ఆమెకు చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

ఆ రోజే క్షమాపణ ఉత్తరం రాసి పంపాం. విప్పకుండానే తిరిగొచ్చింది. ఇంకోటి పంపాం, అదీ అంతే. ఆ ఇంట్లో వాళ్లు మా దగ్గర్నుంచి విప్పి చదివింది ఆ కార్డొక్కటే.

చివరిసారి వచ్చినప్పుడు ఆమె కోపంగా కూడా లేదు. “మొరటుగా ఉన్నా సరే, నేను రాసినట్టే రాసుంటే ఆ మాట చదివేవారు కదండీ?”

“చదివేటోళ్లేనమ్మా,” అన్నాను.