పిల్లలకోడికి పిల్లలెక్కడ?

టేకులపల్లి దాటి అడవి అంచున ఉన్న తండాలో బిచ్యా కూతురు గోరి తొమ్మిదో తరగతి చదువుతుండేది. పొడుగ్గా ఉండేదని బడిలో వెనక బల్ల మీద కూర్చోబెట్టారు. లెక్కలు నోటితో అడిగితే చెప్పేది. బోర్డు మీది లెక్క దించుకోమంటే మాత్రం మూడుకు ఎనిమిదీ, ఒకటికి ఏడూ రాసుకొచ్చేది. ధ్యాస లేదన్నారు సార్లు. ఈ ఏడాదితో బడి చాలు, మిరప చేనుకు తోడుగా ఉంటుంది అని బిచ్యా నిర్ణయించుకున్నాడు. గోరి ఎదురు చెప్పలేదు. తనకు చదువు రాదని అప్పటికే ఆమె కూడా నమ్మింది.

బిచ్యా అన్న కొడుకు రాందాస్ ఖమ్మంలో డిగ్రీ చదువుతున్నాడు. ఫిజిక్స్ లెక్చరర్ ఒకాయన సాయంత్రాలు పిల్లల్ని హాస్టల్ మిద్దె మీదికి తీసుకుపోయి చుక్కలు చూపించేవాడు. ఆ పిచ్చి రాందాస్‌కు బాగా పట్టుకుంది. పంచుకోవడానికి గోరి గుర్తొచ్చింది. పంతొమ్మిది వందల తొంభై ఆరు డిసెంబర్‌లో ఆమెకు ఉత్తరం రాశాడు.

"చెల్లె గోరికి,

ఖమ్మంలో లైట్ల వెలుతురుకు సగం చుక్కలు కనపడవు. మన తండాలో ఆకాశమంతా మనదే. నువ్వు మొదలుపెట్టు. దుర్భిణి కావాలని అనుకోకు, ముందు కళ్లు చాలు. అన్నం తిన్నాక చేను దిక్కు పోయి, దీపానికి వీపు పెట్టి కూర్చో. పది పదిహేను నిమిషాలు ఊరికే ఉండు. కళ్లు చీకటికి అలవాటు పడినకొద్దీ కొత్త చుక్కలు పుట్టినట్టు కనిపిస్తయ్. నడుమ బ్యాటరీ లైటు వేశావా, మళ్లీ మొదటికొస్తది. పాముకు భయపడి వేయక తప్పకపోతే దాని అద్దానికి ఎర్ర గుడ్డ కట్టు.

తూర్పున గొల్లకావడి, మూడు చుక్కలు వరసగా ఉంటయ్. దాన్ని పట్టుకుంటే దారి దొరికినట్టే. ఆ మూడింటి వరసలోనే పైకి చూపు సాగదీస్తే ఒక ఎర్రటి చుక్క, అది దాటితే పిల్లలకోడి, చిన్న చుక్కల గుంపు. దాంట్లో ఎన్ని పిల్లలున్నయో చూసి రాయి. మంచి కళ్లకు ఆరు దొరుకుతయ్. చందమామను నిండుగా ఉన్నప్పుడు కాదు, సగమున్నప్పుడు చూడు. రోజూ ఒకే వేళకు చూస్తే అది తూర్పుకు ఎట్ల జరుగుతుందో నీకే తెలుస్తది. మిణుకుమనకుండా నిలకడగా వెలిగేది కనిపిస్తే అది చుక్క కాదు, గ్రహం అయి ఉండొచ్చు. చూసింది చూసినట్టు బొమ్మ గీయి. నేను చెప్పిన దాన్ని గీయకు."

గోరి చెప్పినట్టే చేసింది. మిరప చేని గట్టున కూర్చుంది. గొల్లకావడి దొరికింది. మూడు చుక్కలు కావవి, మూడు తెల్లటి దూదిపింజలు. పిల్లలకోడి అసలు చుక్కలా లేదు, ఊదిన పొగలా ఉంది. రోజులు మార్చి మార్చి చూసింది. చివరికి కార్డు ముక్క మీద రాసి పంపింది: "అన్నా, పిల్లలకోడికి పిల్లల్లేవు. ఒట్టి మబ్బు. చుక్కలన్నీ మెత్తగనే ఉన్నయ్. నాకు ఇది కూడా రాదనుకుంట."

రాందాస్ నవ్వుకున్నాడు. దీపం దగ్గర కూర్చుని చూసి ఉంటుందిలే అనుకున్నాడు.

శివరాత్రికి ఊరికొస్తూ లెక్చరర్‌ను బతిమాలి ఆయన రెండు కళ్ల దుర్భిణి తెచ్చాడు. అమావాస్య రోజులు, ఆకాశం నిండా చుక్కలు. దీపాలు పెట్టిన కాసేపటికే చేనులో నులక మంచం వేసి, గోరిని వెల్లకిలా పడుకోమన్నాడు.

"మోచేతులు పక్కలకు ఆనించి పట్టుకో. చెయ్యి వణికితే చుక్క గంతులేస్తది. అదిగో పిల్లలకోడి, పడమటి దిక్కు."

"మబ్బే ఉందన్నా."

"నడుమ చక్రముంది చూడు. కుడి కన్ను మూసి, ఎడమ కంటికి బాగా కనపడేదాంక తిప్పు. తర్వాత కుడి కంటి దగ్గరి రింగు సరిచెయ్యి."

గోరి చక్రం తిప్పింది. ఆగకుండా చాలాసేపు తిప్పింది. తర్వాత కదలలేదు.

"ఏందే, దొరికిందా?"

ఆమె చెంపల మీదుగా నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. "ఇవి సూదిమొనల్లెక్క ఉన్నయన్నా," అంది మెల్లగా. "ముప్పై దాంక ఉన్నయ్. ఇంకా ఉన్నయ్."

రాందాస్ దుర్భిణి అందుకుని చూస్తే అతని కళ్లు లాగినట్టయ్యాయి. చక్రం మళ్లీ వెనక్కి తిప్పితే గాని హాయిగా కనపడలేదు. అట్లాగే ఆమెకిచ్చాడు.

"పోయింది. మళ్లీ మబ్బయింది," అంది గోరి.

రాందాస్ ఒక్కసారి లేచి నిలబడ్డాడు. చేనుకు కావలి పడుకోవడానికి గొంగడి భుజాన వేసుకుని బిచ్యా అప్పుడే వచ్చాడు.

"కాకా, ఒక్కసారి గిటు రా. దీంట్లకెల్లి చూడు."

గోరి తనకు సరిపోయేలా తిప్పి ఇచ్చింది. బిచ్యా చూసి, "ఏముంది, అంతా అలికినట్టుంది," అన్నాడు. రాందాస్ చక్రం తన మట్టుకు తిప్పి ఇచ్చాడు. "అవ్, ఇప్పుడు మంచిగున్నయ్. అబ్బో, ఎన్నున్నయ్!"

"కాకా, మనిద్దరికీ కనపడే కాడ దానికి కనపడదు. దానికి కనపడే కాడ నీకు కనపడదు. దుర్భిణి చెడిపోలే. దాని చూపే దూరానికి ఆనుతలేదు."

బిచ్యా కూతురి వైపు తిరిగి అడిగాడు. "బోర్డు మీద రాసింది నీకు కనపడదా?"

"గీతలు గీతలు కనపడతయ్ బాపూ. అందరికీ గట్లనే ఉంటదనుకున్న."

"మరి చెప్పకపోతివి?"

చూపు తక్కువని తెలియాలంటే నిండు చూపు ఎట్లా ఉంటుందో తెలియాలి కదా.

ఇంటికి పోయాక తల్లి మంగమ్మ గొణిగింది. "ఆడపిల్లకు అద్దాలు పెడితే నలుగురేమంటరు?"

"అననీ," అన్నాడు బిచ్యా. "దాన్ని మొద్దని నేనే ఊరంతా చెప్పిన. ఆ మాట ఇంక నేనే వాపస్ తీసుకోవాలె."

ఉగాదికి ముందు వారం తండ్రీ కూతుళ్లు ఖమ్మం బస్సెక్కారు. కళ్ల డాక్టరు పరీక్షించి, దూరపు చూపు బాగా తక్కువుందనీ, అద్దాలతో సరిపోతుందనీ చెప్పాడు. సాయంత్రానికి అద్దాలు చేతికొచ్చాయి. బస్టాండ్‌లో గోరి బోర్డులన్నీ పైకి చదవడం మొదలుపెట్టింది. మణుగూరు, ఇల్లందు, సత్తుపల్లి. బిచ్యాకు చదువు రాదు. ఆమె చదివిన ప్రతి ఊరి పేరుకూ తల ఊపాడు.

టేకులపల్లిలో దిగేసరికి మసక చీకటి పడింది. తండా దారిలో గోరి ఆగిపోయింది. వాయవ్యం వైపు టేకు చెట్ల మీద తోకచుక్క నిలబడి ఉంది. ఆ నెలంతా తండాలో దాన్ని గురించే మాటలు. ఆమెకు మాత్రం ఇన్నాళ్లూ అది ఒక మరక. ఇప్పుడు తల వేరు, తోక వేరు. తోక పైకి విచ్చుకుని ఉంది.

"మంచిది కాదంటరు గదా," అన్నాడు బిచ్యా, దాని వైపు చూడకుండానే.

"అది పొద్దు చుట్టూ తిరిగిపోతుందట బాపూ. తోక ఎప్పుడూ పొద్దుకు ఎదురు దిక్కున ఉంటదని అన్న చెప్పిండు. పొద్దు గటు గూకింది, తోక గిటు పైకుంది. చూడు."

బిచ్యా పొద్దు గూకిన వైపు ఒకసారి, తోక వైపు ఒకసారి చూశాడు. "అవ్," అన్నాడు. ఆ మాట నమ్మాడో లేదో గాని ఇంటికి పోయేదాకా మళ్లీ మళ్లీ తలెత్తి చూశాడు.

ఆ ఏడాది లెక్కల్లో గోరికి పెద్దగా మార్కులు రాలేదు. పోయిన నెలలు పోయినట్టే. అయినా జూన్‌లో పదో తరగతికి పుస్తకాలు బిచ్యానే కొనుక్కొచ్చాడు. గోరి వెనక బల్ల మీదే కూర్చుని, ముందు బల్లవాళ్ల కన్నా ముందే బోర్డు చదివేసేది. అద్దాలు చూసి కొందరు వెక్కిరింపు పేరు పెట్టి పిలిచారు. కొన్నాళ్లకు వాళ్లకే విసుగొచ్చింది.

వానలు వెనకబట్టాక సాయంత్రాలు దక్షిణాన బృహస్పతి కనిపించసాగింది. దుర్భిణి ఇంకొన్నాళ్లు ఉంచుకోమని లెక్చరర్ కబురు చేశాడు. బృహస్పతి పక్కన వరసగా నాలుగు చిన్న చుక్కలు చూసి ఆమె బొమ్మ గీసింది. మర్నాడు మూడే ఉన్నాయి. అద్దం తుడిచి మళ్లీ చూసింది, మూడే. తర్వాతి సాయంత్రం నాలుగోది అటుపక్కకు వచ్చి ఉంది. ఎవరినీ అడగలేదు. అది తిరుగుతోందనీ, నడుమ బృహస్పతికి అడ్డమో చాటో అయిందనీ తానే తేల్చుకుంది.

ఆ చలికాలమే తండాలో వాళ్ల గుమ్మం ముందు వీధి లైటు వేశారు. అందరూ సంతోషించారు. గోరి మంచం భుజాన పెట్టుకుని చేను అవతలి చివరకు మారింది. వెనకాలే గొంగడి కప్పుకుని బిచ్యా నడిచాడు. "జల్దీ వెయ్యి మంచం," అన్నాడు, "నేను కూడా జరంత చూస్త."