శేషగిరిగారి మందుల చార్టు

మా మామయ్య శేషగిరిగారు నంద్యాల బస్సు డిపోలో ఇరవై ఆరేళ్లు కంట్రోలరుగా పనిచేశారు. ఏ బండి ఎన్నింటికి కదలాలి, ఏ డ్రైవరు ఎక్కడ దిగాలి, అంతా ఆయన గీసిన చార్టు మీదే నడిచేది. అమెరికాలో హెర్న్‌డన్‌లో ఉన్న మా ఇంటికి వచ్చాక నడపడానికి ఏమీ లేకపోయింది. ఉదయం కిటికీ దగ్గర నిలబడి, వీధి మూలకు వచ్చే పసుపుపచ్చ స్కూలు బస్సు టైము చూసేవారు. "మూడు నిమిషాలు లేటు. అడిగేవాడే లేడు," అని తనలో తానే అనుకునేవారు.

అత్తయ్య లీలావతిగారు గురువారం మెట్లు దిగుతూ కళ్లు తిరిగి కూలబడ్డారు. మరునాడు క్లినిక్‌కి తీసుకెళ్తే బీపీ నూట డెబ్భై దాటింది. రక్తపరీక్షలో థైరాయిడ్ కూడా తేలింది. సోమవారం మధ్యాహ్నం మా ఆయన రాజీవ్ ఆఫీసు నుంచే క్లినిక్ యాప్‌లోని మందుల లిస్టు స్క్రీన్‌షాట్ తీసి మామయ్యగారికి పంపి, ఫోన్ చేశాడు.

"నాన్నా, అన్నీ అందులోనే ఉన్నాయి. ఐదింటికి సంహిత ఫార్మసీకి డ్రైవ్ చేస్తుంది. పిక్ చేసుకుని ఈ రాత్రి నుంచే స్టార్ట్ చేసేయండి."

"చార్టు వేశాక మొదలుపెడదాం."

"నాలుగు మందులకి చార్టేంటి నాన్నా?"

"నాలుగు బస్సులకి కూడా చార్టు వేశాం రా," అని ఆయన ఫోన్ పెట్టేశారు.

పాత క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి, స్కేలుతో గళ్లు కొట్టారు. అడ్డంగా గంటలు, నిలువుగా మందుల పేర్లు. నేను స్క్రీన్‌షాట్‌ని వేళ్లతో పెద్దది చేసి ఒక్కొక్క అక్షరం చదివాను. ఇంటర్ రెండో ఏడుతోనే నా చదువు ఆగింది, కానీ స్పెల్లింగు చూసి చెప్పగలను. థైరాయిడ్ మాత్ర పరగడుపున, టిఫినుకు అరగంట నుంచి గంట ముందు. ఆయన ఏడు గంటల గడిలో నీలం పెన్నుతో టిక్కు పెట్టారు. కాల్షియం రోజుకు రెండుసార్లు, తిండితో. ఎనిమిదికీ, రాత్రి ఎనిమిదికీ టిక్కులు పడ్డాయి.

"ఆమ్లోడిపిన్ పది మిల్లీగ్రాములు. బీపీకట. రోజుకొకటి."

"పొద్దునా? రాత్రా?"

"రాయలేదు మామయ్యగారూ."

ఆయన ఎర్ర పెన్ను తీసి ఆ వరుస పక్కన సున్నా చుట్టారు. మోకాళ్ల నొప్పి మాత్ర దగ్గర 'ఆరు గంటలకోసారి ఒకటి లేదా రెండు, అవసరమైతే' అని ఉంది. దానికీ సున్నా పడింది. "ఒకటా, రెండా? రోజుకి ఎన్నిటికి మించకూడదు? తెలియని ట్రిప్పుని నేను బోర్డు ఎక్కించను."

అత్తయ్య వంటింట్లోంచి, "లేవగానే నా కాఫీ మాట కూడా అడగండి. అది ఆపమంటే మాత్రం ఆ మాత్ర మీరే వేసుకోండి," అన్నారు.

"నీ కాఫీకీ ఒక ఎర్ర సున్నా," అంటూ మూడోది చుట్టారు. తర్వాత చార్టులో వరుసలు లెక్కపెట్టారు. "లీలా, ఇంటి నుంచి తెచ్చుకున్న మందుల డబ్బా తీసుకురా. డిపోలో ఉన్న బళ్లన్నీ లెక్కలోకి రావాలి."

"అవి మన డాక్టరుగారు ఇచ్చినవి. వాటితో వీళ్లకేం పని?"

"తీసుకురా అంటే."

ఆవిడ విసుక్కుంటూ డబ్బా తెచ్చి బల్లమీద పెట్టారు. కొత్తవి కొనేటప్పుడు దుకాణంలో చూపించడానికి ఖాళీ స్ట్రిప్పులు దాచుకోవడం ఆవిడ అలవాటు. నిండుది ఒకటి తిప్పి చూశాను. పైన కంపెనీ పెట్టిన పేరు పెద్దగా ఉంది. వెనక చీమల్లాంటి అక్షరాలు. ఫోన్ కెమెరాతో పెద్దవి చేసి చూస్తే రెండు మందుల పేర్లు కలిసి ఉన్నాయి. టెల్మిసార్టన్ నలభై, ఆమ్లోడిపిన్ ఐదు.

రెండో పేరు నేను ఇప్పుడే చదివాను. స్క్రీన్‌షాట్ పక్కన స్ట్రిప్పు పెట్టి, వేలితో చూపించాను.

మామయ్యగారు కళ్లజోడు పైకి తోసుకున్నారు. "క్లినిక్‌లో ఈ మాత్ర సంగతి చెప్పావా?"

"అడిగితేగా! నేను ఏం మందులు వాడుతున్నానని రాజీవ్‌ని అడిగారు. ఏమీ లేవన్నాడు."

ఆయన చార్టు అడుగున కొత్త వరుస గీసి, పెద్ద ఎర్ర సున్నా చుట్టి, స్ట్రిప్పులన్నీ చొక్కా జేబులో పెట్టుకున్నారు. "పదండి. ఇది తేలేదాకా ఈ రాత్రి ఒక్క బీపీ మాత్ర కూడా నోట్లో పడదు."

కారు నేనే నడిపాను. ఫార్మసీలో తెల్లకోటు వేసుకున్న ఆవిడ మందుల సంచి ఇవ్వబోతే, ఆయన చార్టును కౌంటరు మీద పరిచారు. "మేడమ్, సేమ్ రూట్, టూ బస్సెస్," అన్నారు స్ట్రిప్పు చూపిస్తూ. ఆవిడ ముందు నవ్వింది. వెనక అక్షరాలు చదివాక నవ్వు ఆగిపోయింది. రెండూ కలిపి వేసుకోవద్దనీ, కొత్తదీ ఇప్పుడే మొదలుపెట్టొద్దనీ, క్లినిక్‌కి తనే ఫోన్ చేస్తాననీ అంది. పాతది రోజూ వేసుకుంటున్నారా అని అడిగింది. నేను తెలుగులో చెప్పాను.

"రోజూనే," అన్నారు అత్తయ్య.

మామయ్యగారు ఖాళీ స్ట్రిప్పులు ఒక్కొక్కటే కౌంటరు మీద పెట్టారు. నాలుగు. "మనం వచ్చి ఎనభై రోజులు. పది చొప్పున నలభై మాత్రలు. లెక్క టాలీ కావట్లేదు లీలా."

అత్తయ్య నా వైపు చూశారు.

"వీసా ఎక్స్‌టెన్షన్, ఇంకా కొన్నాళ్లు ఉండాలి అన్నారుగా! ఇక్కడ ఆ మాత్ర దొరకదని ఎవరో చెప్పారు. అయిపోతే ఏం చేయను? రోజు విడిచి రోజు వేసుకుంటున్నా," అని ఆవిడ గొంతు తగ్గించి అన్నారు.

ఆ మాట ఇంగ్లీషులో చెప్పాల్సింది నేనే. క్యూలో వెనక నలుగురున్నారు. మామయ్యగారు చార్టును నా ముందుకు జరిపారు. చెప్పాను, తప్పో ఒప్పో. ఆవిడ మొత్తం రాసుకుంది.

అరగంట కుర్చీల్లో కూర్చున్నాం. ఫోన్ పెట్టేసి ఆవిడ మమ్మల్ని పిలిచింది. పాత మందు సంగతి డాక్టరుకు తెలియదట. ఇప్పుడు ఇండియా నుంచి తెచ్చుకున్న మాత్ర ఆపేయాలి. అవే రెండు మందులు విడివిడిగా, అంతే మోతాదులో, రేపటి నుంచి రోజూ ఉదయం. ఆమ్లోడిపిన్ పది కాదు, ఐదు. ఇంట్లో బీపీ చూసి రాయాలి, రెండు వారాలకు క్లినిక్‌లో చూపించాలి, కళ్లు తిరిగితే వెంటనే ఫోన్ చేయాలి. నొప్పి మాత్ర ముందు ఒకటే, చాలకపోతే రెండు, రోజుకు ఆరు మించకూడదు. థైరాయిడ్ మాత్రను నీళ్లతో వేసుకుని, కాఫీకి కనీసం అరగంట ఆగాలి.

"అరగంటేగా," అన్నారు అత్తయ్య ఊపిరి పీల్చుకుని.

అప్పుడు ఫార్మసీ ఆవిడే చార్టు మీద వేలు పెట్టి చూపించింది. ఏడింటికి థైరాయిడ్, ఎనిమిదింటికి కాల్షియం. నడుమ నాలుగు గంటలు ఉండాలట, లేకపోతే థైరాయిడ్ మాత్ర సరిగా ఒంటికి పట్టదట. మామయ్యగారి మొహం ఎర్రబడింది. నీలం టిక్కు పెట్టిన గడి అది, సున్నా చుట్టినది కాదు. ఆయన జేబులోంచి పెన్ను తీసి ఆ టిక్కు కొట్టేసి, మధ్యాహ్నం భోజనం గడిలోకి మార్చి, చార్టును మళ్లీ ఆవిడ వైపు తిప్పారు. "అన్ని గడులూ చూడండి మేడమ్. టిక్కు పెట్టినవి కూడా."

ఆవిడ పై నుంచి కిందదాకా ఓపిగ్గా చూసి తలూపింది.

ఇంటికి రాగానే ఆయన కొత్త కాగితం తీసి, మొత్తం మళ్లీ శుభ్రంగా గీశారు. ఫ్రిజ్ మీద అంటిస్తుండగా అత్తయ్య తన గదిలోకి వెళ్లారు. సూట్‌కేసు తెరిచిన చప్పుడైంది. చీరల మడతల్లో దాచిన ఆరు నిండు స్ట్రిప్పులు తెచ్చి ఆయన చేతిలో పెట్టారు.

"ఇవి కూడా లెక్కలోకి తీసుకోండి," అన్నారు.