తుడిచేసిన నీడ

మా బోర్డుల కొట్లో ఆవిడని అందరూ నీడలావిడ అంటారు. నేను మాత్రం అక్కా అంటాను. అక్షరాలు కోసే మిషను నాది, కంప్యూటరు ఆవిడది. మధ్యలో ఒక చెక్క గోడ. ఆ గోడకి చెయ్యి పట్టేంత సందు ఉంది, దాంట్లోంచే మా మాటలన్నీ.

ఆవిడ పని బయటివాళ్లకి చెప్పాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. ఎవరైనా కొత్తగా కొట్టు పెట్టుకుంటే ముందు తమ కొట్టు గోడ ఫొటో తెస్తారు. అక్షరాలు తయారుచేయకముందే, ఆ ఫొటోలో గోడ మీద అవి ఎలా ఉంటాయో ఆవిడ చేసి చూపించాలి. అది చూసి బేరం ఖాయం చేసుకుంటారు. పేరు తెచ్చి గోడ మీద పెట్టడం చిన్నపిల్లలు కూడా చేస్తారు. కానీ అది ఉత్తరం మీద స్టాంపు అంటించినట్టు ఉంటుంది. గోడలోంచి లేచినట్టు కనపడాలంటే నీడ కావాలి. ఆ నీడ అబద్ధం అని తెలియకూడదు.

"ముందు ఎండ ఎటునుంచి వస్తుందో వెతుక్కోవాలిరా" అనేది. నిజంగానే వెతుక్కునేది. ఫొటోలో కిటికీ చూరు కింద, పార్కు చేసిన బండి కింద, కరెంటు తీగ కింద నీడ ఎటు పడిందో చూసి, వేలితో తెర మీద గీత గీసేది. మబ్బు పట్టిన రోజు తీసిన ఫొటో అయితే పదునైన నీడ వేస్తే తప్పు. అక్షరం అంచుల చుట్టూ కాస్త మసక చాలు. పక్క బోర్డుల కొట్లో వాళ్లు ఏ ఫొటో అయినా కుడిపక్కకి కిందికి ఒకటే నల్ల నీడ తగిలించేవాళ్లు. ఆవిడ అవి చూసి "ఊళ్లో సూర్యుడు ఒక్కచోటే మేకు కొట్టినట్టు ఆగిపోయాడు కాబోలు" అని ఎగతాళి చేసేది.

ఎగతాళి చేసినా ఆవిడ నవ్వేది తక్కువే. పెళ్లయింది, ఎక్కువకాలం నిలబడలేదు. అద్దె గది, ఒక్క కుర్చీ, ఒక్క పళ్లెం. గదికి ఒకసారి సామాను మోసినప్పుడు చూశాను కాబట్టి చెబుతున్నాను. మధ్యాహ్నం కంప్యూటరు ముందే డబ్బా తెరిచి తినేది. ఆవిడ ఫోను మోగితే మేమిద్దరం ఉలిక్కిపడేవాళ్లం. తీరా చూస్తే ఏదో కంపెనీ వాళ్లు. మనిషి ఇంత ఒంటరిగా ఉండి కూడా వెలుతురు ఎటుందో ఇంత పట్టింపుగా చూడటం నాకు చిరాకుగా ఉండేది. ఆ చిరాకు ఆవిడ మీద కాదని నాకు తెలుసు.

ఒక పొద్దున రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన వచ్చాడు. ఖాకీ మానేసి చాలా ఏళ్లయినా, స్టీరింగు పట్టుకున్నట్టే రెండు చేతులూ ముందుకు పెట్టుకుని కూర్చున్నాడు. జేబులోంచి కవరు తీసి, అందులోంచి ఒక ఫొటో తీశాడు.

ఫొటోలో ఒకావిడ తన కుట్టుమిషను కొట్టు ముందు నిలబడి ఉంది. మెడలో కొలతల టేపు. నవ్వు ఆపుకుంటున్న ముఖం. ఆవిడ తల మీద ఖాళీ గోడ.

"మా ఆవిడమ్మా. కొట్టు మీద తన పేరు పెట్టించమని ఎన్నిసార్లు అడిగిందో. అందరికీ తెలిసిన కొట్టే కదా, బోర్డెందుకు అనేవాణ్ణి. వచ్చే ఏడు, వచ్చే ఏడు అని నెట్టుకొచ్చాను. ఇప్పుడు ఆవిడా లేదు, కొట్టూ లేదు. ఈ ఫొటోలోనైనా ఆవిడ పేరు కింద ఆవిడ నిలబడాలి. లేచిన అక్షరాలు కావాలి. అతికించినట్టు ఉండకూడదు. ఆవిడకి అతుకులంటే గిట్టదు."

మా యజమాని చిన్న పనే కదా అని తల ఊపాడు. అక్క మాత్రం ఫొటోని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూసింది.

"సాయంత్రం ఎండలో తీశారు కదండీ?"

"అవునమ్మా. డ్యూటీ దిగి నేరుగా వచ్చి తీశాను."

ఆయన వెళ్లాక ఫొటోని స్కాన్ చేసి పనిలో పడింది. నేను సందులోంచి చూస్తూనే ఉన్నాను. ఫొటో తీసినాయన వెనక, కుడివైపు నుంచి ఎండ వస్తోంది. కుట్టుకొట్టావిడ నీడ వెనక గోడ మీద ఎడమకి జరిగి, కొద్దిగా దిగి పడింది. అక్క ఆవిడ జుట్టుముడి నుంచి ఆ ముడి నీడ దాకా సన్న గీత గీసింది.

"ఇదిగో దిక్కు. పొడవు మాత్రం దీన్నుంచి తీసుకోకూడదు" అంది.

"ఏం?"

"ఆవిడ గోడకి అడుగు దూరంలో నిలబడింది. అక్షరాల మందం రెండు అంగుళాలే. ఆవిడ నీడ జరిగినంత దూరం అక్షరాల నీడ జరిపితే, అవి గోడని వదిలేసి గాల్లో వేలాడతాయి."

పేరు పెట్టి, ఫొటోలో గోడ ఎటు వాలిందో అక్షరాలనీ అటే వాల్చింది. అదే పేరుకి ఇంకో కాపీ తీసి, అసలు పేరు వెనక్కి పంపి, రంగు మార్చింది. నలుపు కాదు. ఆ గోడ పసుపు, దాని మీద కుట్టుకొట్టావిడ నీడ ముదురు మట్టిరంగులో ఉంది. దాంట్లోంచే రంగు తీసుకుంది. ఆ కాపీని గీత వెంట ఎడమకి, కాస్త కిందికి జరిపింది. గోడ గరుకు దాంట్లోంచి కనిపించేలా కలిపింది. అంచులు కొంచెమే మెత్తబరిచింది, ఎండ గట్టిగా ఉంది కాబట్టి. మొదటి అక్షరం పక్కన గోడకి నీళ్ల గొట్టం ఉంది. నీడ దాని మీద కూడా పడుతుంది కాబట్టి, అక్కడ గొట్టం గుండ్రంతో పాటు వంచింది. చివరికి అక్షరాల పక్కభాగాల్లో ఎండ తగలని వైపు చీకటి చేసింది.

దూరంగా జరిగి చూసింది. ఆ పేరు ఆ గోడ మీద ఎప్పటినుంచో ఉన్నట్టుంది.

సాయంత్రానికి ప్రింటు తీసి పెట్టింది. మర్నాడు డ్రైవరాయన వచ్చాడు.

ఫొటో చేతిలోకి తీసుకుని, కళ్లజోడు సర్దుకుని, ముందు బొటనవేలితో అక్షరాలని తడిమాడు. కాగితం నున్నగా తగిలేసరికి తనలో తానే నవ్వుకున్నాడు.

"ఉందమ్మా. ఉంది. ఇంతకాలానికి పెట్టించాను" అన్నాడు.

తర్వాత ఆయన చూపు కిందికి దిగింది. ఫొటోని దగ్గరికి తెచ్చుకున్నాడు, దూరం పెట్టాడు, మళ్లీ దగ్గరికి తెచ్చుకున్నాడు. ఏదో పోగొట్టుకున్నవాడిలా అక్క ముఖం చూశాడు.

"మరి నేనేడమ్మా?"

"మీరు ఇందులో లేరు కదండీ. తీసింది మీరే కదా?"

"ఉన్నానమ్మా. ఇక్కడ. నేల మీద."

అక్క వంగి ఫొటో అడుగుభాగం చూసింది. నాకూ అప్పుడే అర్థమైంది. ఫొటో అడుగున నేల మీద, తీసినాయన నీడ పొడుగ్గా ఉండేది. తల, రెండువైపులా లేచిన మోచేతులు, ముఖం దగ్గర పట్టుకున్న కెమెరా. మా పనిలో అది మచ్చ కింద లెక్క. ఎవరి ఫొటో వచ్చినా దాన్ని పక్కనున్న మట్టితో పూడ్చి తుడిచేస్తాం. అక్క చెయ్యి ఆలోచించకుండానే ఆ పని చేసేసింది. అంత నున్నగా తుడిచిందంటే, అక్కడ ఎవరూ ఎప్పుడూ నిలబడనట్టే ఉంది.

"మా ఫొటోలన్నీ నేను తీసినవే. అన్నిట్లోనూ ఆవిడ ఒక్కతే" అన్నాడాయన. కోపం లేదు, అదే నాకు బాధనిపించింది. "మేమిద్దరం ఉన్నది ఈ ఒక్కదాంట్లోనే. తీసేటప్పుడు కేకలేసింది కూడా. పక్కకి జరగండి, మీ నీడ నా కాళ్ల మీద పడుతోంది అని. పడనీ అన్నాను. అందుకే చూడండి, నవ్వు ఆపుకుంటోంది."

అక్క లేచి నిలబడింది. "క్షమించండి. పొరపాటయింది. మీ ఫొటో అలాగే ఉంది, స్కాన్ కూడా ఉంది. ఇప్పుడే పెట్టేస్తాను, కూర్చోండి" అంది. అంత తడబాటు ఆవిడ గొంతులో నేను ఎప్పుడూ వినలేదు.

స్కాన్ తెరిచి అడుగుభాగం యథాతథంగా తెచ్చి అమర్చింది. పెద్ద పనేం కాదు. నీడ తిరిగొచ్చింది. ఆయన తల నీడ ఆవిడ చెప్పుల మీద సరిగ్గా ఆగి ఉంది. పైన అక్షరాల నీడ, మధ్యలో ఆవిడ నీడ, కింద ఆయన నీడ, మూడూ ఒకే ఎండకి ఒకే వైపు వాలాయి.

కొత్త ప్రింటు చేతికిచ్చాక డ్రైవరాయన ఈసారి అక్షరాలు చూడనేలేదు. కింద తన నీడ మీద వేలు పెట్టి "ఆఁ, ఇప్పుడు ఇద్దరం ఉన్నాం" అని, కవర్లో పెట్టుకుని, గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి అక్కకి దణ్ణం పెట్టి వెళ్లాడు.

అక్క ఆ పూట డబ్బా తెరవలేదు. నేను మిషను ఆపి ఇటువైపు వచ్చాను.

"ఇన్నేళ్లలో ఎంతమంది మొగుళ్లని తుడిచేశానో కదరా" అంది. నవ్వించడానికి అన్నదేమో, నాకు నవ్వు రాలేదు.

కాసేపటికి తన సొంత ఫొటో ఒకటి తెరిచింది. నేను ఎప్పుడూ చూడనిది. వయసులో ఉన్న అక్క, ఏదో మెట్ల మీద నిలబడి, ఎదుటివాళ్లతో ఏదో అంటూ నోరు తెరిచి ఉంది. కళ్లు ఎండకి చిట్లించి, ఒంటినిండా సంతోషంతో ఉంది. ముందు మెట్లన్నీ శుభ్రంగా, ఖాళీగా ఉన్నాయి.

"ఇక్కడ ఆయన నీడ ఉండేది. విడిపోయాక కోపంతో కూర్చుని మెట్టు మెట్టుకీ తుడిచాను. ఎంత బాగా తుడిచానో చూడు, ఒక్క గీత కూడా దొరకదు."

"అసలుది ఉంటుంది కదా అక్కా?"

"దాని మీదే సేవ్ చేశాను."

అంటే అసలుది ఇక ఎక్కడా లేనట్టే. నేను ఓదార్పు అనుకుని ఒక తెలివితక్కువ మాటన్నాను.

"నీకు చేతకానిదా అక్కా? ఎండ ఎటునుంచి ఉందో కనపడుతూనే ఉందిగా. మళ్లీ వేసెయ్యి."

ఆవిడ నిజంగానే మౌసు పట్టుకుంది. తన నీడ అంచు నుంచి గీత గీసింది. దిక్కు దొరికింది. మెట్ల రాతి మీద ఉన్న నీడలోంచి రంగు తీసుకుంది. మెట్టు అంచు దగ్గర నీడ ఎక్కడ విరుగుతుందో గుర్తులు పెట్టింది. అన్నీ సిద్ధమయ్యాక చెయ్యి ఆగిపోయింది.

"కెమెరా ఏ చేత్తో పట్టుకునేవాడో గుర్తు లేదురా. భుజాలు ఎలా ఉండేవో కూడా" అంది. "నీడ వెయ్యడం నాకు వచ్చు. వెయ్యడానికి మనిషి ఉండాలి కదా."