నాలుగేళ్ల కొసరు

మా నాన్న కిరాణా కొట్టులో తక్కెడ పట్టి పెరిగిన చేతులివి. కిలో చింతపండు కొన్నా కొసరు వేయించుకోకుండా కదలను. అలాంటి నేను సౌదీలోని ధహ్రాన్‌లో రిటైరయ్యేటప్పుడు, కూరగాయల దగ్గర కాదు, కంపెనీ పెన్షన్ దగ్గరే కొసరు కొట్టాను. నా భార్య వయసులోంచి ఏకంగా నాలుగేళ్లు. ఇంత తెలివైన నష్టపు బేరం మా బజారులో ఇంకెవరూ చేసి ఉండరు.

పెన్షన్ ఆఫీసులో కూర్చునేది కడప మనిషి. ఎప్పటినుంచో నన్ను అన్నా అనే పిలుస్తాడు.

"ఒకేసారి తీసుకుంటే తొమ్మిది లక్షల రియాళ్లు. ఆడితో కంపెనీకీ నీకూ లెక్క తెగిపోతాది. నెలనెలా అంటే ఆరు వేలు, నువ్వు ఉన్నన్నాళ్లు. నీ తర్వాత వదినకు కూడా అంతే రావల్లంటే ఇప్పటినుంచే కోత పడతాదన్నా. నాలుగు వేల తొమ్మిది వందలు."

"పదకొండు వందల కోతనా? జర తగ్గియ్యి తమ్మీ."

"ఇది వంకాయల బేరం కాదన్నా. మీ ఇద్దరి వయసులు చూసి కట్టిన లెక్క. వదిన ఇంకా చిన్నదైతే కోత ఇంకా ఎక్కువుండేది."

అక్కడే నాలోని కొట్టువాడు లేచి కూర్చున్నాడు. చిన్నప్పుడు అక్కతో పాటే బడికి పోతానని నా భార్య ఏడిస్తే, పంతులు అక్క పుట్టిన తేదీనే ఈమెకూ రాసేశాడు. బడి లెక్కలో ఇద్దరూ కవలలు. ఆ తేదీయే పాస్‌పోర్టులోకి ఎక్కింది. అసలు వయసు నాలుగేళ్లు తక్కువ. అంటే కంపెనీ ఆమెను నిజంకన్నా పెద్దదాన్ని అనుకుని కోత తక్కువ వేసింది. నాకు చక్కెర జబ్బు, ముందు పోయేది నేనే. ఆమె తొంభై ఏళ్లదాకా వాళ్ల డబ్బు తింటుంది. మొహం మామూలుగా పెట్టుకుని బయటికొచ్చాను.

ఇంటికెళ్లి గొప్పగా చెప్పాను. ఆమె నవ్వలేదు.

"నన్ను సుత తక్కెడల వెట్టినవా? నువ్వు పోయినంక నాకు పైసలెందుకయ్యా? గా తొమ్మిది లక్షలు దీస్కో, ఇంటికి వోదాం. అక్క ఒక్కతే ఉంటాంది. నేనొస్తనని అర్ర ఊడ్పిచ్చి పెట్టింది."

"ఒక్కసారే తెస్తే చుట్టాలు ఊకుంటరా? నెలనెలా వస్తే నీకే మంచిది."

"నా మంచి నన్నడిగినవా?"

అడగలేదు. సంతకం పెట్టాను. మొదటి నెల డబ్బు పడ్డాక మార్చడానికి ఉండదని కడప తమ్ముడు రెండుసార్లు చెప్పాడు. మార్చేవాడికి కదా ఆ మాట అనుకున్నాను.

పెన్షన్ రావడం మొదలయ్యాక ఆ కోత కంట్లో నలుసులా గుచ్చుకుంది. ఆరు వేలు రావలసిన చోట తక్కువ పడుతుంటే నిద్రపట్టేది కాదు. దాన్ని పూడ్చుకుందామని హుఫూఫ్‌లో ఒక కాంట్రాక్టరు దగ్గర పనికి కుదిరాను. అక్కడ ఉండడానికిచ్చే ఇకామాను కొత్త యజమాని, అంటే కఫీల్, పేరు మీదికి మార్పించి ఆమెనూ వెంట తెచ్చుకున్నాను. రెండేళ్లే అన్నాను. సామాను విప్పేటప్పుడు శీతాకాలం దుప్పట్లు ఆమె మూటలోనే ఉంచేసింది.

"విప్పరాదు?"

"ఎట్లైనా పొయ్యేదే గదా."

సాయంత్రాలు అక్కతో వీడియో కాల్. అక్క రొట్టెలు చేస్తూ ఫోను పొయ్యి పక్కన ఆనించేది. ఈమె ఇక్కడి నుంచి, "అది మాడుతాంది, మర్లెయ్యి" అని అరిచేది.

రెండో ఏడు సగంలో ఒక పొద్దున వంటింట్లో కూలబడిపోయింది. ఆసుపత్రికి చేరేసరికి గుండె ఆగిపోయిందన్నారు. కాగితాలన్నీ పూర్తయ్యి ఆమెను ఊరికి చేర్చేసరికి చాలా రోజులు పట్టింది. అక్క నన్ను తిట్టలేదు. "ఇన్నొద్దులకు తీస్కొచ్చినవా మరిదీ" అంది, అంతే.

తిరిగొచ్చాక ధహ్రాన్ వెళ్లాను. కడప తమ్ముడు లేచి నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నేను మాత్రం సిగ్గు లేకుండా అడిగాను.

"ఆమెనే లేదు గదా. కోత తీసేస్తరా?"

"లేదన్నా. నువ్వు ఉన్నన్నాళ్లు అదే కోత. మన ప్లాన్‌లో అంతే. ముందే చెప్పినా."

చెప్పాడు. చెప్పలేదని అబద్ధమాడలేను.

ఇదీ లెక్క. కంపెనీ మోసం చేయలేదు, మాట ప్రకారం ఇస్తోంది. ఆమె కోసమని నా పెన్షన్‌లో నెలకు పదకొండు వందలు పోతూనే ఉంటాయి. ఆమె అసలు వయసు చెప్పి ఉంటే కోత ఎంతయ్యేదో మొన్న అడిగి తెలుసుకున్నాను. ఇంకో వంద. నేను కొట్టిన కొసరు నెలకు వంద రియాళ్లు. దాని కింద ఏడాదిన్నర ఆమెను అక్కకు దూరంగా ఉంచాను. తొమ్మిది లక్షలు తీసుకుని వెళ్లిపోయినా ఆమె గుండె ఆ పొద్దునే ఆగేదేమో. ఆగితే అక్క ఇంట్లో ఆగేది.