జనరేటర్ తాళం నా జేబులో ఉన్న రోజులు

ఆ వారంలో నా ఫోన్ రోజూ తెల్లారేసరికి చచ్చిపోయేది. పడుకునేటప్పుడు ఎనభై శాతం ఉండేది, లేచి చూస్తే నల్లటి తెర. రాత్రంతా చార్జింగ్‌లో ఉంచితే పేలుతుందని ఎక్కడో విని, పడుకునే ముందు నేనే తీసేసేవాణ్ణి.

ఆ ఫోన్ బతికుండడం మీద నా రొయ్యల చెరువు ఆధారపడి ఉంది. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది. అప్పుడు కరెంటు పోయి నీటిని చిలికే ఏరేటర్లు ఆగితే, వెంటనే జనరేటర్ వేయాలి. చెరువు గట్టు మీద కాపలా ఉండే పెద్దాయనకు జనరేటర్ వేయడం నాకన్నా బాగా తెలుసు. కానీ డీజిల్ తీస్తున్నాడని అనుమానించి, తాళం నా దగ్గరే పెట్టుకున్నాను. కరెంటు పోతే ఆయన నాకు ఫోన్ చేయాలి, నేను బండి మీద వెళ్ళి తాళం తీయాలి. అదీ నేను పెట్టిన ఏర్పాటు.

ఫోన్ చచ్చిపోతుంటే మొదట నా భార్య మీద విరుచుకుపడ్డాను.

"సాయంత్రం మీ చెల్లితో వీడియో కాల్స్ మాట్లాడి మాట్లాడి బ్యాటరీ నాశనం చేశావు."

"నేను మాట్లాడేది పావుగంటండీ. పడుకునేటప్పుడు ఎనభై ఉందని మీరే అన్నారు కదా. ఆ ఎనభై నిద్రలో నేను తాగేశానా?"

నేను ఇంకా గట్టిగా అరిచాను. మర్నాడు భీమవరంలో కొత్త బ్యాటరీ వేయించాను. అయినా ఫోన్ తీరు మారలేదు. మూడో రోజు తెల్లవారుజామున ఎవరో తలుపు బాదారు. కాపలా పెద్దాయన, సైకిల్ పక్కన పడేసి, ఊపిరి ఆడకుండా నిలబడ్డాడు.

"కరెంటు పోయి గంట దాటిందండి బాబుగారూ. ఎన్నిసార్లు చేసినా స్విచ్చాఫ్ అంటందండి. రొయ్య పైకి తేలిపోతందండి!"

వెళ్ళేసరికి రొయ్యలు అంచుల్లో గుంపులుగా తేలి, గాలి కోసం కొట్టుకుంటున్నాయి. తొందరలో తాళంచెవి రెండుసార్లు కింద పడేసుకున్నాను. ఏరేటర్లు తిరిగాయి గానీ సగానికి పైగా అప్పటికే చచ్చి అడుక్కి చేరాయి. మిగిలినవి చావకముందే ఆ రోజే పట్టించేశాను. ఎదగని సరుకు అది. గట్టు మీద కూలబడి, ఫోన్‌ని చెరువులోకి విసిరేయబోయి ఆగాను.

బ్యాటరీ వేసిన కొట్టు దగ్గరకు మళ్ళీ వెళ్ళి గొడవ పెట్టుకున్నాను. కొట్టాయన నిదానంగా సెట్టింగ్స్‌లో బ్యాటరీ వాడకం తెరిచాడు. జాబితాలో ఏమీ లేదు.

"పొద్దున్నే వంద దాకా చార్జింగ్ పెట్టుకుని వచ్చారా అండి?"

"మరి చచ్చిన ఫోన్ పట్టుకు రమ్మంటావా?"

"అలాగే తేవాలండి. మీ మోడల్లో వంద నిండగానే పాత లెక్క చెరిగిపోద్ది. రోజూ దొంగ అడుగుజాడలు మీరే తుడిచేస్తున్నారు. ఈ రాత్రి వంద పెట్టి తీసేయండి. పొద్దున్న ఎలా ఉంటే అలా పట్టుకు రండి."

మర్నాడు చచ్చిన ఫోనే ఇచ్చాను. తెర వెలిగేంత వరకే చార్జింగ్ పెట్టి, అదే జాబితా తెరిచాడు. నా భార్య వాడే వీడియో కాల్స్ అడుగున ఎక్కడో ఒక శాతం. అన్నిటికన్నా పైన, అరవై దాటి, ఒకే ఒక్క యాప్. తెర మీద రెండు నిమిషాలు, వెనకాల ఏడు గంటలు.

"ఈ కెమెరా యాప్ ఎవరిదండి?"

నాదే. పెద్దాయన నిద్రపోతున్నాడో, డీజిల్ తీస్తున్నాడో చూడాలని ఆ వారం మొదట్లోనే జనరేటర్ షెడ్డు మీద కెమెరా పెట్టించాను. ఏదైనా కదిలితే ఫోన్‌కి హెచ్చరిక పంపి, వీడియో దింపేలా పెట్టుకున్నాను. ఆ కెమెరా ముందే ఏరేటర్లు రాత్రంతా తిరుగుతుంటాయి, నీళ్ళు ఎగురుతుంటాయి. రొయ్య పట్టేశాక కూడా, అడుగున చచ్చినవాటితో నీరు కుళ్ళకుండా వాటిని తిప్పుతూనే ఉన్నాం. ప్రతి చినుక్కీ ఫోన్ లేచేది. మొదటి రాత్రి మోత భరించలేక శబ్దం మాత్రం ఆపేశాను. పని ఆగలేదు. పైగా ఏదీ తప్పిపోకూడదని, వెనకాల అడ్డు లేకుండా నడిచే అనుమతి కూడా నేనే ఇచ్చాను.

కొట్టాయన కదలిక హెచ్చరికలు ఆపి, యాప్ వెనకాల నడవకుండా కట్టడి చేశాడు. ఆ రాత్రి ఎనభైకి పడుకుంటే ఉదయం డెబ్భై ఆరు ఉంది. ఆ అంకె చూసి ఏడుపొచ్చింది. భార్య పక్కనే ఉంది. తప్పు నాదేనని చెప్పాను. "ముందు చెరువు దగ్గరకు వెళ్ళండి" అంది.

పెద్దాయన షెడ్డు దగ్గర కూర్చుని వల బాగుచేస్తున్నాడు. సంగతంతా చెప్పి, తాళంచెవి ఉన్న చేయి చాచాను. తీసుకోలేదు.

"కరెంటు పోతే ఆ కెమెరా కూడా పోద్ది కదండీ బాబుగారూ. మరి నన్నేం చూద్దామనండి?"

నేను తలెత్తి షెడ్డు మీది కెమెరా వైపు చూశాను.

"ఇప్పుడు నాకెందుకండి తాళం? చెరువులో ఏముందని?"

చాచిన చేయి చాచినట్టే ఉంచాను. ఆయన వల ముడి పూర్తిచేసి, దారం పళ్ళతో కొరికి, అప్పుడు లేచి తాళంచెవి అందుకున్నాడు. షెడ్డు గుంజకున్న మేకుకి తగిలించి, మళ్ళీ వల ముందు కూర్చున్నాడు. నా వైపు చూడలేదు.